హెల్త్ ఫాసెట్ కారుతోందా? ముందు చోటు కనిపెట్టండి

కమోడ్ పక్కన వేలాడే హెల్త్ ఫాసెట్ కారడం మొదలైతే చాలా ఇళ్లలో ముందు పైపు మారుస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత నేల మీద మళ్లీ అదే తడి. ఈసారి గన్, పైపు, కొక్కెం అన్నీ ఉన్న సెట్టు కొనుక్కొచ్చి బిగిస్తారు. అదీ ఏడాది తిరక్కుండా కారుతుంది. ఇక ఇవన్నీ ఇంతేలే అనుకుని, కింద ఒక మగ్గు పెట్టి ఊరుకుంటారు.

నాసిరకం సరుకు బజారులో లేకపోలేదు. కానీ డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా కారే చోటు చూసుకోకుండా మరమ్మతుకు దిగడం వల్ల. ఇంత చిన్న వస్తువులో నీళ్లు బయటికొచ్చే దారులు నాలుగు ఉన్నాయి. ఒకదానికి ఐదో పదో పెట్టి వాషర్ కొంటే చాలు. ఒకదానికి గన్ మార్చాలి. ఒకదానికి గోడలోని కాక్ మార్చాలి. ఏది ఎక్కడో తెలిస్తే సగం పని ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. మిగతా సగానికి ప్లంబర్‌ని పిలిచినా, ఏం చేయాలో చెప్పి చేయించుకోవచ్చు.

నీళ్లు వచ్చే దారి

గోడలోంచి నీళ్లు ముందుగా యాంగిల్ కాక్‌లోకి వస్తాయి. గోడకు ఆనుకుని, చిన్న పిడితో ఉండే కుళాయి అది. దాని మూతికి పైపు కింది నట్టు బిగిస్తారు. పైకి స్టీలు చుట్ల తొడుగు ఉన్నా, నీళ్లు పారేది లోపలున్న సన్నటి రబ్బరు లేదా ప్లాస్టిక్ గొట్టంలోనే. పైపు పై కొసన ఇంకో నట్టు ఉంటుంది, అది గన్ పిడి అడుగున బిగుస్తుంది. గన్ లోపల మీట, స్ప్రింగు, నీటిని ఆపే రబ్బరు బిళ్ల, ముందు సన్నటి రంధ్రాల మూతి ఉంటాయి.

కారగల చోట్లు ఈ వరసలోనే వస్తాయి. మొదటిది యాంగిల్ కాక్: దాని పిడి దగ్గర గానీ, అది గోడలోకి వెళ్లే చోట గానీ. రెండోది పైపు కింది నట్టు. మూడోది పైపు పై నట్టు. నాలుగోది గన్. ఇవి కాక పైపే చీలవచ్చు, కానీ అది మిగతావాటితో పోలిస్తే తేలిగ్గా కనబడిపోతుంది. తొడుగు ఉబ్బుతుంది, లేదా చుట్లు ఊడి లోపలి గొట్టం బయటపడుతుంది. అలాంటి పైపుకు మరమ్మతు లేదు, మార్చేయడమే.

చుక్క పడేది ఒకచోట, కారేది ఇంకోచోట

హైదరాబాద్ నిజాంపేటలో మా అక్క వాళ్లది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఫ్లాట్. వాళ్ల బాత్రూమ్‌లో చుక్క సరిగ్గా పైపు మధ్యలోంచి, అంటే పైపు వేలాడి కిందికి వంగిన చోటు నుంచి పడేది. చూసినవాళ్లెవరైనా పైపుకు చిల్లు పడిందనే అంటారు. అలాగే అనుకుని పైపు మార్చారు కూడా. కొత్త పైపు నుంచీ అదే చోట చుక్క.

వచ్చిన ప్లంబర్ పానా ముట్టుకోలేదు. పొడిగుడ్డ అడిగాడు. గోడ దగ్గర కాక్ నుంచి గన్ మూతి దాకా అంతా శుభ్రంగా తుడిచి, నాలుగు టిష్యూ కాగితాలు తీసుకుని ఒకటి యాంగిల్ కాక్ వెనక, ఒకటి కింది నట్టుకు, ఒకటి పై నట్టుకు, ఒకటి గన్ మూతికి చుట్టాడు. "అక్కా, ఒక పావుగంట ఎవరూ దీన్ని ముట్టుకోకండి" అన్నాడు. పావుగంట తర్వాత చూస్తే గోడ దగ్గరి కాగితం, కింది నట్టు కాగితం పొడిగా ఉన్నాయి. పై నట్టు కాగితం నానిపోయింది. గన్ మూతికి చుట్టిన కాగితం కూడా ఒక వైపు తడిసింది.

విషయం అర్థమైంది. పై నట్టు దగ్గర కారిన నీళ్లు స్టీలు తొడుగు చుట్ల గాళ్లలోంచి జారుకుంటూ పైపు వెంబడి దిగి, బాగా కిందికి వంగిన చోట చుక్కగా కూడుకుని పడుతున్నాయి. పైపుకు ఏమీ కాలేదు. కారే చోట్లు రెండు, రెండూ పైనే.

ఈ పరీక్ష ఎవరి ఇంట్లోనైనా చేసుకోవచ్చు. రెండు జాగ్రత్తలు చాలు. మొదటిది, యాంగిల్ కాక్ తెరిచే ఉంచాలి. కట్టేస్తే పైపులో ఒత్తిడి ఉండదు, కారే చోటు బయటపడదు. రెండోది, గన్ వాడిన వెంటనే పరీక్ష మొదలుపెట్టకూడదు. మీట వదిలాక కూడా మూతిలో మిగిలిన నీళ్లు కొద్దిసేపు చుక్కలుగా పడుతూనే ఉంటాయి, అది లీకు కాదు. గన్‌ను రెండు మూడుసార్లు విదిలించి, కొక్కేనికి తగిలించి, కాసేపాగి తుడవాలి.

కాగితం లేకుండా కూడా కొన్ని ఆనవాళ్లు చెబుతాయి. నట్టు అంచున తెల్లటి సున్నం పొర గట్టిపడి ఉంటే అక్కడ చాలాకాలంగా సన్నగా కారుతోందన్నమాట. నీళ్లు ఆరిపోయి అందులోని లవణాలు మిగిలిపోతాయి. ఇత్తడి మీద పచ్చటి మరక కూడా అదే చెబుతుంది.

నట్టు దగ్గర కారితే: బిగించడం కంటే వాషర్ ముఖ్యం

పై నట్టు విప్పగానే కారణం కళ్లబడింది. గన్ అడుగున మరల మీద టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి ఉంది. పైపు మార్చినప్పుడు ఎవరో గట్టిగా ఉంటుందని చుట్టారు. నట్టు లోపలి రబ్బరు వాషర్ పక్కకు జరిగి, ఒక అంచు నలిగిపోయి ఉంది.

హెల్త్ ఫాసెట్ పైపు నట్లలో నీళ్లు ఆపేది మర కాదు. నట్టు మర పట్టుకుని లోపల ఉన్న రబ్బరు వాషర్‌ను అదుముతుంది, ఆ అదుముడుకు వాషర్ రెండు వైపులా అంటుకుని దారి మూసేస్తుంది. మర పని నొక్కి పట్టడం వరకే. అక్కడ టేపు చుడితే నట్టు మధ్యలోనే బిగుసుకుపోతుంది. చేతికి గట్టిగా తగులుతుంది, కానీ వాషర్ దాకా అదుముడు చేరదు. అలా బిగించిన మొదట్లో కారకపోవచ్చు. గన్‌ను రోజూ లాగి తిప్పుతుంటే నట్టు వెంట్రుకవాసి కదిలినా కారడం మొదలవుతుంది. టేపు చుట్టాల్సింది యాంగిల్ కాక్ గోడలోని పైపులోకి బిగిసే మరకు మాత్రమే, అక్కడ వాషర్ ఉండదు కాబట్టి.

సరిచేయడం తేలిక. ముందు యాంగిల్ కాక్ కట్టేయాలి. తర్వాత గన్‌ను కమోడ్‌లోకి పట్టి మీట నొక్కి, పైపులో మిగిలిన ఒత్తిడి వదిలేయాలి. ఒక చేత్తో గన్ పిడిని కదలకుండా పట్టుకుని ఇంకో చేత్తో నట్టు విప్పాలి. పాత వాషర్‌ను వేలితో గానీ, అగ్గిపుల్లతో గానీ తీయాలి. చాలాసార్లు అది గట్టిపడి, మీద గుండ్రటి గాడి పడి ఉంటుంది. వంచితే పగులు కనిపిస్తుంది. ఒక్కోసారి వాషరే ఉండదు, పైపు మార్చేటప్పుడు పడిపోయి ఉంటుంది.

దుకాణంలో "అరంగుళం హెల్త్ ఫాసెట్ పైపు వాషర్" అని అడిగితే ఇస్తారు. పాతది వెంట తీసుకెళ్లడం మేలు. కొత్తదాన్ని నట్టు లోపల సమంగా, పడుకున్నట్టు కూర్చోబెట్టాలి. గన్ అడుగున అంటుకున్న టేపు ముక్కలు, సున్నం పొరలు పాత టూత్‌బ్రష్‌తో రుద్ది తీసేయాలి. నట్టును ముందు వెనక్కి, అంటే విప్పే వైపుకు, మెల్లగా తిప్పాలి. మర మొదలు దొరికిన చోట చిన్న టిక్కుమన్న కదలిక తెలుస్తుంది. అక్కడి నుంచి బిగించే వైపుకు తిప్పితే మర వంకరగా పట్టదు. చేత్తో ఆగేదాకా బిగించి, ఆ పైన గుడ్డ చుట్టి పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. ఇంకా బిగిస్తే ప్రమాదం. గన్ ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసినదే ఉంటుంది, మీద మెరుపు పూత మాత్రమే లోహం. బలంగా బిగిస్తే పిడి అడుగున సన్నటి పగులు వస్తుంది. ఆ పగులు నుంచి కారే నీళ్లు ఏ వాషర్‌కూ ఆగవు.

కాక్ మెల్లగా తెరిచి, మళ్లీ కాగితం చుట్టి చూడాలి. నట్టు పైనా కిందా పొడిగా ఉండి, నట్టుకు కాస్త దిగువన స్టీలు తొడుగు లోపలి నుంచి తడి వస్తుంటే వాషర్ పని అయిపోయినట్టే, తప్పు పైపుది. లోపలి గొట్టాన్ని నట్టుతో కలిపి నొక్కిన పట్టీ వదులైందని అర్థం. దాన్ని ఇంట్లో నొక్కలేం, అప్పుడే పైపు మార్చాలి.

నట్లు మాటిమాటికీ వదులవుతుంటే పైపు పొడవు చూసుకోండి. మామూలుగా ఇది ఒక మీటరు ఉంటుంది. కొక్కెం దూరంగా కొట్టినా, పైపు బిగుతుగా లాక్కుని వేలాడుతున్నా, వాడిన ప్రతిసారీ ఆ లాగుడు నట్ల మీదే పడుతుంది. గన్ కొక్కేనికి తగిలించినప్పుడు పైపు కిందికి సాఫీగా వంగి ఉండాలి. పై నట్టు దగ్గర తనంతట తాను తిరిగే కొస ఉన్న పైపు కొంటే మెలి పడదు.

గన్ కారితే: ఏ వైపు నుంచో చూడాలి

వాషర్ మారాక మా అక్క వాళ్ల పై నట్టు పొడిబారింది. మిగిలింది గన్ మూతి. మీట ముట్టుకోకపోయినా కొన్ని క్షణాలకు ఒక చుక్క రాలుతూనే ఉంది.

ఇక్కడ ప్లంబర్ చేసిన రెండో పరీక్ష అందరూ తెలుసుకోదగ్గది. యాంగిల్ కాక్ కట్టేసి ఊరికే చూశాడు. చుక్కలు నెమ్మదించి, రెండు నిమిషాల్లో పూర్తిగా ఆగిపోయాయి. అంటే కాక్ నీటిని గట్టిగా ఆపుతోంది, తప్పు గన్‌లోనే ఉంది. కాక్ కట్టేసినా చుక్కలు ఆగకపోతే రెండూ పోయినట్టు. కాక్ నీటిని వదులుతోంది, గన్ దాన్ని ఆపలేకపోతోంది.

గన్ లోపలి పని సైకిల్ ట్యూబు వాల్వు లాంటిది. వెనక ఉన్న ఒత్తిడే ముందున్న బిళ్లను తన గూటిలోకి నెట్టి మూసి ఉంచుతుంది, స్ప్రింగు దానికి తోడు. మీట నొక్కితే ఒక సన్నటి కడ్డీ ఆ బిళ్లను వెనక్కి తోస్తుంది, నీళ్లు వస్తాయి. కడ్డీ గన్ ఒంట్లోంచి బయటికి వచ్చే చోట నీళ్లు రాకుండా ఓ రింగు ఉంటుంది. బిళ్ల, స్ప్రింగు, కడ్డీ, ఓ రింగు అన్నీ కలిపి ఒకే ముక్కగా చేసి, మరతో గన్‌లో బిగిస్తే దాన్ని కార్ట్రిడ్జ్ అంటారు.

కాబట్టి గన్ రెండు రకాలుగా కారుతుంది. మీట వదిలి ఉన్నా మూతి రంధ్రాల్లోంచి చుక్కలు పడుతుంటే బిళ్ల అరిగింది, లేదా బిళ్లకూ గూటికీ మధ్య ఇసుక రేణువో సున్నం పలుకో ఇరుక్కుంది. మీట చుట్టూ, పిడి మీదుగా చెయ్యి తడుస్తుంటే ఓ రింగు పోయింది. ఇది చాలాసార్లు మీట నొక్కినప్పుడు మాత్రమే కనిపిస్తుంది. అందుకే మీట నొక్కి పట్టి కూడా పిడిని ఒకసారి చూడాలి.

ఇసుక రేణువు అయితే అదృష్టం. పైపు నుంచి గన్ విప్పి, పైపు కొసను బకెట్‌లో పెట్టి కాక్ ఒకసారి తెరిస్తే పైపులో మడ్డి ఉంటే బయటపడుతుంది. గన్‌ను తెల్ల వెనిగర్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, మీట పదిసార్లు నొక్కి వదిలి, మంచినీళ్లతో కడగాలి. సున్నం పలుకు కరిగిపోతే కారడం ఆగుతుంది. మా అక్క వాళ్ల గన్‌కు ఇది చేశాక మూతి రంధ్రాలు శుభ్రపడి ధార నిటారుగా వచ్చింది గానీ చుక్క ఆగలేదు. బిళ్ల నిజంగానే అరిగిపోయింది.

అప్పుడు గన్ తెరుచుకునే రకమా కాదా చూడాలి. ఇత్తడి గన్‌లలో, కొన్ని ఖరీదైన ప్లాస్టిక్ గన్‌లలో మూతి గానీ, వెనక బిళ్ల గానీ మరతో విప్పవచ్చు. లోపలి కార్ట్రిడ్జ్ బయటికి వస్తుంది. కొత్తది అదే కంపెనీది, అదే మోడల్‌ది అయి ఉండాలి. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. ఓ రింగు ఒక్కటే పోతే పాతదాన్ని చూపించి అదే కొలతది తెచ్చుకోవచ్చు. దానికి రాయడానికి సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి. కొబ్బరినూనె, వ్యాజిలిన్, బండి గ్రీజు వద్దు. కుళాయిల్లో వాడే కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బిపోయి మెత్తబడుతుంది.

చౌక గన్‌లు చాలావరకు అతికించేసినవి, తెరుచుకోవు. బలవంతంగా విప్పితే పగులుతాయి. అలాంటప్పుడు గన్ మార్చడమే దారి, అయితే గన్ ఒక్కటే. పైపు, కొక్కెం బాగుంటే సెట్టు కొనాల్సిన పని లేదు. మన దగ్గర అమ్మే హెల్త్ ఫాసెట్ పైపులు, గన్‌లు మామూలుగా అరంగుళం మరతోనే వస్తాయి. ఒక కంపెనీ గన్ ఇంకో కంపెనీ పైపుకు పడుతుంది. దుకాణంలో సెట్టు చేతిలో పెట్టినా, "గన్ ఒక్కటే ఇవ్వండి" అని అడగండి.

ఈ చుక్క ఎంత నష్టమో కొలవడం సులువు. గన్ మార్చే ముందు మా అక్క ఒక గంటసేపు మూతి కింద మగ్గు పెట్టింది. సుమారు 200 మిల్లీలీటర్లు వచ్చాయి. రోజుకు 4.8 లీటర్లు, నెలకు 144 లీటర్లు. వేసవిలో ట్యాంకర్ కొనుక్కునే కాలనీలో ఒక్క ఫ్లాట్‌లోని ఒక్క గన్ లెక్క ఇది.

గన్ కుళాయి కాదు

హెల్త్ ఫాసెట్ త్వరగా పాడవడానికి అన్నిటికంటే పెద్ద కారణం యాంగిల్ కాక్‌ను ఎప్పుడూ తెరిచి ఉంచడం. చాలా ఇళ్లలో అది బిగించిన రోజు తెరిచారంటే మళ్లీ ఎవరూ ముట్టుకోరు. మీట వదిలితే నీళ్లు ఆగుతున్నాయి కదా అనుకుంటారు. ఆ మీట ఉన్నది వాడుతున్న ఆ నిమిషం నీటిని ఆపి వదలడానికి. ఇరవైనాలుగు గంటలూ నీటి ఒత్తిడిని మోయాల్సింది యాంగిల్ కాక్.

ఆ ఒత్తిడి ఎంత? పై ట్యాంకులో నీటి మట్టానికీ మన కుళాయికీ మధ్య ప్రతి 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో ఒత్తిడి పడుతుంది. మా అక్క వాళ్ల ఫ్లాట్‌కు ఆ ఎత్తు 11 మీటర్ల దాకా ఉంటుంది, అంటే ఒక కిలోకు కాస్త ఎక్కువ. పది పన్నెండు అంతస్తుల భవనంలో కింది ఫ్లాట్లకు, మధ్యలో ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టకపోతే, మూడు కిలోలు దాటుతుంది. ఒకే కంపెనీ గన్ పై అంతస్తులో ఏళ్ల తరబడి ఉండి, కింది అంతస్తులో త్వరగా కారడానికి కారణం ఇదే. ప్రెషర్ పంపు ఉన్న ఇళ్లలో మీట టక్కున వదిలిన ప్రతిసారీ ఒక కుదుపు కూడా పైపు మీద పడుతుంది.

కాక్ తెరిచే ఉంటే ఈ ఒత్తిడంతా సన్నటి లోపలి గొట్టం మీద, రెండు వాషర్ల మీద, గన్‌లోని చిన్న బిళ్ల మీద రాత్రీ పగలూ ఉంటుంది. గన్ చుక్కచుక్కగా కారుతూ పోతుంది. పైపు అయితే ఒకరోజు ఉన్నట్టుండి పగులుతుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. అక్కడ కమోడ్ ట్యాంకుకు వెళ్లే లైనులో ఒక టీ వాల్వు పెట్టి గన్ తగిలించుకుంటారు. నీళ్లు నేరుగా వీధి లైను నుంచి వస్తాయి. అక్కడి ప్లంబింగ్ నిబంధనలు ఇంట్లో 80 పీఎస్ఐ వరకు ఒత్తిడిని అనుమతిస్తాయి, అంటే మన లెక్కలో ఐదున్నర కిలోల పైమాటే. బాత్రూమ్ నేలకు మన ఇళ్లలోలా నీళ్లు పోయే జాలీ సాధారణంగా ఉండదు, చాలా ఇళ్లలో నేల కింద ఉండేది చెక్క. ఇక్కడ చుక్క కారితే నేల తడుస్తుంది. అక్కడ చెక్క ఉబ్బి, కింది గది సీలింగ్ మీద మరక పడుతుంది. టీ వాల్వుకు ఉన్న చిన్న పిడిని వాడిన ప్రతిసారీ మూయడం అక్కడ తప్పనిసరి అలవాటు కావాలి.

వాడాక చేయాల్సింది రెండు చిన్న పనులు. యాంగిల్ కాక్ కట్టేయడం, ఆ తర్వాత గన్ మీట ఒకసారి నొక్కి పైపులోని ఒత్తిడి వదిలేయడం. రెండోది మరిచిపోతే కాక్ కట్టినా పైపులో చిక్కుకున్న ఒత్తిడి అలాగే నిలిచి ఉంటుంది.

కాక్ కూడా ఆపకపోతే

రోజూ తిప్పితే కాక్ పాడవదా అని అడుగుతారు. తిప్పకుండా వదిలేసిన కాక్‌కే ఇబ్బంది ఎక్కువ, సున్నం పట్టి బిగుసుకుపోతుంది. పావు చుట్టుతో తెరుచుకునే కొత్త రకం కాక్‌లలో రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. వాటి మధ్య ఇసుక పడి గీత పడితే ఎంత కట్టినా సన్నగా నీళ్లు వదులుతూనే ఉంటుంది. రెండు మూడు చుట్లు తిరిగే పాత రకంలో లోపలి రబ్బరు వాషర్ అరుగుతుంది. పిడి చుట్టూ కారినా, కట్టినా ఆగకపోయినా మందు ఒకటే. లోపలి భాగాన్ని, ప్లంబర్లు స్పిండిల్ అనేదాన్ని, మార్చాలి. దొరక్కపోతే కాక్ మొత్తం మార్చాలి. దీనికి ముందు ఆ బాత్రూమ్‌కు వచ్చే లైను గేట్ వాల్వు గానీ, డాబా మీది వాల్వు గానీ కట్టేయాలి. ఆ వాల్వు ఏదో తెలియకుండా కాక్ విప్పకండి.

ఇంట్లోవాళ్లు అస్సలు చేయి పెట్టకూడని చోటు ఒకటుంది. యాంగిల్ కాక్ గోడలోకి వెళ్లే చోట గుండ్రటి మెరుపు పళ్లెం ఉంటుంది. దాని వెనక పెట్టిన కాగితం తడిస్తే లీకు గోడ లోపలి మర దగ్గర ఉండొచ్చు. ఆ నీళ్లు నేల మీద పడవు, గోడ లోపలికి పోతాయి. గోడకు అవతలి గదిలో రంగు పొక్కడం, కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ దాని ఆనవాళ్లు. అక్కడ పానాతో బలంగా తిప్పితే గోడలోని పైపు చేరికే విరగవచ్చు, అప్పుడు టైల్స్ పగలగొట్టాలి. అది ప్లంబర్ పని. ఆయన్ని పిలిచేముందు కాగితం పరీక్ష చేసి "గోడ దగ్గరే తడుస్తోందన్నా" అని చెప్పగలిగితే, గన్ మార్చి వెళ్లిపోవడం లాంటివి జరగవు.

త్వరగా అరగడానికి రెండు కారణాలు

ఒకటి బోరునీరు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మన ప్రాంతాల్లో చాలా బోర్ల నీరు 200 దాటి ఉంటుంది. ఆ నీటిలోని సున్నం గన్ లోపల బిళ్ల అంచున, ఓ రింగు చుట్టూ గట్టిపడుతుంది. మీట నొక్కిన ప్రతిసారీ రబ్బరు ఆ గరుకు మీద రాసుకుని అరుగుతుంది. బోరునీటి ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి గన్‌ను వెనిగర్ నీళ్లలో నానబెడితే ఈ అరుగుదల తగ్గుతుంది.

రెండోది టాయిలెట్ కడిగే యాసిడ్. బజారులో దొరికే కమోడ్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. కమోడ్ అంచు కడిగేటప్పుడు అది పైపు మీద చిందుతుంది. మెరుపు పూత మచ్చలు పడుతుంది, స్టీలు తొడుగుకు సూది గుచ్చినట్టు చిల్లులు పడతాయి. కమోడ్‌కు దగ్గరగా వేలాడే చోటే చాలా పైపులు ముందు తుప్పు పట్టడానికి కారణం ఇదే. క్లీనర్ పోసేముందు పైపును పక్కకు తీయండి, కడగడం అయ్యాక గన్‌నూ పైపునూ ఒకసారి మంచినీళ్లతో కడగండి.

ఇంట్లో రెండు అరంగుళం వాషర్లు, ఒక చిన్న పానా, ఒక పొడిగుడ్డ ఉంటే నట్టు దగ్గరి లీకు మీ చేతిలో పనే. స్టీలు తొడుగు చుట్లు ఊడినా, ఎక్కడైనా ఉబ్బు కనిపించినా ఆ రోజే పైపు మార్చండి, పగిలేదాకా ఆగకండి. సంక్రాంతికో దసరాకో ఇంటికి తాళం వేసి ఊరెళ్లేటప్పుడు గ్యాస్ కట్టామా లేదా అని చూసుకున్నట్టే ప్రతి బాత్రూమ్‌లో యాంగిల్ కాక్ కట్టి, మీట ఒకసారి నొక్కి చూడండి. మీరు లేనప్పుడు పైపు పగిలితే డాబా మీది ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నీళ్లు పోతూనే ఉంటాయి, పంపు ఆటోమేటిక్ అయితే ట్యాంకు నిండుతూ కూడా ఉంటుంది.